అన్నం, కందిపప్పు కలిస్తే పీడీసీఏఏఎస్ ఎంత? నాలుగు ఆప్షన్లలో ఏది సరైనది?

లావణ్య

అందరికీ నమస్కారం. నెట్ హోమ్ సైన్స్‌కి చదువుతున్నాను. మా స్టడీ గ్రూపులో ఒకరు పెట్టిన మోడల్ ప్రశ్న ఇది. కీ ఇవ్వలేదు, నలుగురం నాలుగు జవాబులు చెప్పాం.

వండని బియ్యం 75 గ్రాములు, ప్రొటీన్ 8 శాతం. ఒక గ్రాము ప్రొటీన్‌లో లైసిన్ 36, సల్ఫర్ ఆమ్లాలు (మెథియోనిన్, సిస్టీన్ కలిపి) 42, త్రియోనిన్ 34, ట్రిప్టోఫాన్ 12 మిల్లీగ్రాములు. డైజెస్టిబిలిటీ 0.88.

వండని కందిపప్పు 25 గ్రాములు, ప్రొటీన్ 22 శాతం. అదే వరసలో 70, 22, 36, 8. డైజెస్టిబిలిటీ 0.78.

రిఫరెన్స్ ప్యాటర్న్, అంటే గ్రాము ప్రొటీన్‌లో ఉండాల్సిన మోతాదు, అదే వరసలో 58, 25, 34, 11. మిశ్రమం పీడీసీఏఏఎస్, అంటే అరుగుదలని కూడా లెక్కలోకి తీసుకున్న ప్రొటీన్ నాణ్యత స్కోరు, ఎంత?
ఎ) 0.56 బి) 0.66 సి) 0.75 డి) 0.90

నేను బియ్యానికి విడిగా, పప్పుకి విడిగా పీడీసీఏఏఎస్ కట్టి సగటు తీశాను. బియ్యానికి 0.55, పప్పుకి 0.57 వచ్చాయి. కాబట్టి ఎ అనుకుంటున్నాను. కరెక్టేనా?

శ్రీకాంత్

సగటు తీయకూడదు లావణ్య గారూ. స్కోర్లను కాదు, అమైనో ఆమ్లాలను కలపాలి. బియ్యం, పప్పు 3:1లో ఉన్నాయి కాబట్టి లైసిన్ = (3×36 + 70) ÷ 4 = 44.5. దాన్ని 58తో భాగిస్తే 0.77. డైజెస్టిబిలిటీ కూడా 3:1లోనే తీసుకుంటే 0.855. రెండూ గుణిస్తే 0.66. జవాబు బి.

సుభద్ర

శ్రీకాంత్ గారు పట్టుకున్న దారి సరైనదే, స్కోర్లకు ముందు ఆమ్లాలనే కలపాలి. అయితే 3:1 అన్నది గిన్నెలో పోసిన బరువు. ప్రశ్నలో ఇచ్చిన 36, 70 అనే అంకెలు గ్రాము బియ్యానికో గ్రాము పప్పుకో కావు, గ్రాము ప్రొటీన్‌కి. అందుకని ఎంత ప్రొటీన్ ఎటు నుంచి వస్తోందో ముందు తేల్చుకోవాలి. 75 గ్రాముల బియ్యంలో 6 గ్రాములు, 25 గ్రాముల పప్పులో 5.5 గ్రాములు. బరువులో పప్పు పావు వంతే, ప్రొటీన్‌లో మాత్రం దాదాపు సగం. మొత్తం లెక్క ఇక్కడే తిరుగుతుంది.

```
ప్రొటీన్: 6 + 5.5 = 11.5 గ్రా.

లైసిన్     : 6×36 + 5.5×70 = 601 ;  601 ÷ 11.5 = 52.3 ;  ÷ 58 = 0.90
సల్ఫర్     : 6×42 + 5.5×22 = 373 ;  373 ÷ 11.5 = 32.4 ;  ÷ 25 = 1.30
త్రియోనిన్  : 6×34 + 5.5×36 = 402 ;  402 ÷ 11.5 = 35.0 ;  ÷ 34 = 1.03
ట్రిప్టోఫాన్ : 6×12 + 5.5×8  = 116 ;  116 ÷ 11.5 = 10.1 ;  ÷ 11 = 0.92

డైజెస్టిబిలిటీ: (6×0.88 + 5.5×0.78) ÷ 11.5 = 0.832
పీడీసీఏఏఎస్  : 0.901 × 0.832 = 0.75
```

నాలుగు నిష్పత్తుల్లో అన్నిటికన్నా చిన్నది లైసిన్‌ది. అదే మిశ్రమానికి లిమిటింగ్ ఆమ్లం, అదే స్కోరు. జవాబు సి.

ఈ ప్రశ్న రాసినవాళ్లు ఆప్షన్లు గాలికి పెట్టలేదు. స్కోర్లను సగటు చేస్తే ఎ వస్తుంది, ఆహారం బరువుతో కలిపితే బి, డైజెస్టిబిలిటీ మరిచిపోతే డి. ఎవరు ఏ మెట్టు మీద జారినా వాళ్ల కోసం ఒక జవాబు సిద్ధంగా ఉంది. అందుకే మనకు వచ్చిన అంకె ఆప్షన్లలో కనిపించినంత మాత్రాన లెక్క సరిగా చేశామని నమ్మకూడదు.

లావణ్య

చాలా థాంక్స్ మేడమ్. రెండు అనుమానాలు. స్కోర్ల సగటు ఎందుకు తప్పో ఇంకా మనసుకి ఎక్కలేదు. రెండోది, మీరు చెప్పిన పద్ధతిలో ఒక్క పప్పుకే లెక్క వేస్తే సల్ఫర్ 22 ÷ 25 = 0.88, ట్రిప్టోఫాన్ 8 ÷ 11 = 0.73 వస్తున్నాయి. అంటే పప్పుకి లిమిటింగ్ ట్రిప్టోఫాన్ అవుతుంది. కానీ అన్ని పుస్తకాల్లో పప్పులకు మెథియోనిన్ అనే ఉంది కదా?

శ్రీకాంత్

రెండోదానికి నేను చెప్తాను. పప్పుధాన్యాలకు లిమిటింగ్ మెథియోనిన్. ఇది ఫిక్స్. ప్రశ్నలో ట్రిప్టోఫాన్ 8 అని తప్పు ప్రింట్ అయి ఉంటుంది.

సుభద్ర

ముందు సగటు సంగతి చూద్దాం. డైజెస్టిబిలిటీ వేయకముందు బియ్యానికి స్కోరు 0.62 అన్నప్పుడు మనం దాని లైసిన్‌ని ఒక్కదాన్నే చూశాం. 42 మిల్లీగ్రాముల సల్ఫర్ ఆమ్లాలు, అంటే అవసరానికి మించి ఉన్న 17 మిల్లీగ్రాములు, ఆ 0.62లో ఎక్కడా కనిపించవు. అలాగే పప్పు స్కోరు 0.73 అన్నప్పుడు అందులో 70 ఉన్న లైసిన్ కనిపించదు. ఒకదాని మిగులు ఇంకోదాని లోటుని పూడ్చడమే కదా ఇక్కడ జరిగేది! స్కోరుగా మార్చిన క్షణంలోనే ఆ మిగులంతా పోయింది. పోయినదాన్ని సగటు తిరిగి తేలేదు. సగటు ఎప్పుడూ 0.62, 0.73 మధ్యలోనే ఉంటుంది. అసలు మిశ్రమం మాత్రం ఆ రెండిటినీ దాటి 0.90కి చేరింది.

దీంట్లోంచి పరీక్షలో పనికొచ్చే చిన్న పరీక్ష ఒకటి ఉంది. మిశ్రమం అమైనో ఆమ్ల స్కోరు, విడివిడి స్కోర్లను ప్రొటీన్ పాళ్లలో తీసిన సగటు కన్నా ఎప్పటికీ తక్కువ రాదు. తక్కువ వచ్చిందంటే కూడికలో తప్పుంది. సరిగ్గా సగటే వచ్చిందంటే రెండిటికీ లిమిటింగ్ ఆమ్లం ఒకటే అన్నమాట. బియ్యం, గోధుమ కలిపితే అదే జరుగుతుంది. రెండిటికీ లైసినే తక్కువ కాబట్టి ఒకదాన్నొకటి ఏమీ ఆదుకోలేవు.

ఫణి (అనాలిసిస్ ల్యాబ్)

ట్రిప్టోఫాన్ 8 అన్నది ప్రింటింగ్ తప్పు కాదు శ్రీకాంత్ గారూ. కందిపప్పులో అది నిజంగానే తక్కువ. 8 అన్నది నమ్మదగిన అంకే.

పుస్తకాల్లో మెథియోనిన్ ఒక్కటే ఎందుకు నిలిచిపోయిందంటే, రెండు కారణాలు కనిపిస్తాయి. మామూలుగా అమైనో ఆమ్లాలు కొలవడానికి ప్రొటీన్‌ని 6 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 110 డిగ్రీల దగ్గర 24 గంటల దాకా ఉడికిస్తారు. ఆ వేడి ఆమ్లంలో ట్రిప్టోఫాన్ నాశనమైపోతుంది. దానికి వేరే శాంపిల్ తీసి క్షారంలో హైడ్రాలిసిస్ చేయాలి. ఆ రెండో పని చేయని పట్టికల్లో ట్రిప్టోఫాన్ గడి ఖాళీగానే ఉంటుంది. ఖాళీ గడి లిమిటింగ్ ఎలా అవుతుంది? సిస్టీన్, మెథియోనిన్‌లకూ ఇలాంటి చిక్కే ఉంది. ముందు పెర్ఫార్మిక్ ఆమ్లంతో ఆక్సీకరణ చేయకపోతే అవి తక్కువగా తేలతాయి. అప్పుడు పప్పుకి సల్ఫర్ లోటు ఉన్నదానికన్నా పెద్దదిగా కనిపిస్తుంది.

రెండో కారణం ఎలుక. తిన్న ప్రొటీన్‌కి ఎంత బరువు పెరిగిందో చూసే పాత పీఈఆర్ పరీక్షలన్నీ ఎదిగే ఎలుకల మీద చేసినవి. ఎలుకకి ఒళ్లంతా బొచ్చు, ఆ బొచ్చుకి సల్ఫర్ ఆమ్లాలు చాలా కావాలి. మనిషి అవసరం అంత లేదు. అందుకే పీఈఆర్‌లో పప్పులకు తక్కువ మార్కులు పడేవి. రిఫరెన్స్‌గా మనిషి అవసరాలు పెట్టుకోవడమే పీడీసీఏఏఎస్ తెచ్చిన పెద్ద మార్పు. అందులో డైజెస్టిబిలిటీని ఇప్పటికీ ఎలుకల మలం నుంచే కొలుస్తారన్నది వేరే సంగతి.

సుభద్ర

ఫణి గారు చెప్పినదానికి పరీక్ష కోణంలో ఒక మాట. లిమిటింగ్ ఆమ్లం అన్నది పప్పు ఒక్కదాని గుణం కాదు. పప్పుకీ రిఫరెన్స్‌కీ మధ్య ఉన్న సంబంధం అది. ఈ ప్రశ్నలో ఇచ్చిన 58, 25, 34, 11 అన్నవి 1991 నాటి ఎఫ్‌ఏఓ నివేదిక వాడిన 2–5 ఏళ్ల పిల్లల ప్యాటర్న్. 2013 ఎఫ్‌ఏఓ నివేదికలో 6 నెలల నుంచి 3 ఏళ్ల లోపు పిల్లలకి 57, 27, 31, 8.5 ఇచ్చారు. ట్రిప్టోఫాన్ 11 నుంచి 8.5కి దిగింది. ఇదే పప్పుని ఈ కొత్త అంకెలతో చూడండి. ట్రిప్టోఫాన్ 8 ÷ 8.5 = 0.94, సల్ఫర్ 22 ÷ 27 = 0.81. ఇప్పుడు సల్ఫర్ ఆమ్లాలే లిమిటింగ్. పప్పు మారలేదు, గీటురాయి మారింది.

కాబట్టి అంకెలిచ్చి అడిగితే అంకెలు ఏది చెప్తే అదే రాయాలి. అంకెల్లేకుండా 'పప్పుధాన్యాల లిమిటింగ్ ఆమ్లం ఏది' అని ఒక్క మాట ప్రశ్న వస్తే మెథియోనిన్ అనే పెట్టాలి, కీలో అదే ఉంటుంది.

వెంకట్ (ఐసీడీఎస్ పరీక్షకి)

మేడమ్, మిశ్రమంలో లైసిన్ 52.3 దగ్గర ఆగింది కదా. పప్పు 25కి బదులు 50 గ్రాములు వేస్తే? లెక్క వేశాను, (216 + 770) ÷ 17 = 58. సరిగ్గా రిఫరెన్స్ వచ్చేసింది. అంటే స్కోరు 1. మరి ఎవరూ 3:2 అని చెప్పకుండా, అందరూ 3:1 చుట్టూనే ఎందుకు తిరుగుతారు?

సుభద్ర

వెంకట్, లైసిన్ దగ్గరే ఆగిపోయావు. మిగతా గడులు కూడా నింపు. పప్పు 50 గ్రాములైతే దాని ప్రొటీన్ 11 గ్రాములు, మొత్తం 17. ట్రిప్టోఫాన్ = 72 + 88 = 160 మిల్లీగ్రాములు. 17తో భాగిస్తే 9.4, దాన్ని 11తో భాగిస్తే 0.86. ఇప్పుడు లిమిటింగ్ ఆమ్లం మారిపోయింది. స్కోరు 0.90 నుంచి 0.86కి పడింది. పప్పు డైజెస్టిబిలిటీ తక్కువ కాబట్టి మిశ్రమానిది కూడా 0.83 నుంచి 0.815కి దిగింది. పీడీసీఏఏఎస్ 0.70. పప్పు రెట్టింపు చేస్తే స్కోరు తగ్గింది!

అయితే శిఖరం ఎక్కడుంది? పప్పు పెంచుతూ పోతుంటే లైసిన్ నిష్పత్తి పైకి వెళ్తుంది, ట్రిప్టోఫాన్ నిష్పత్తి కిందికి వస్తుంది. ఆ రెండూ కలిసే చోటే అత్యధిక స్కోరు. పప్పు నుంచి వచ్చే ప్రొటీన్‌ని x అనుకుంటే,

```
(216 + 70x) ÷ 58 = (72 + 8x) ÷ 11
2376 + 770x = 4176 + 464x
x = 5.88 గ్రా. ప్రొటీన్  →  5.88 ÷ 0.22 = దాదాపు 27 గ్రా. పప్పు
```

75 గ్రాముల బియ్యానికి 27 గ్రాముల పప్పు. అక్కడ స్కోరు 0.91. మన ప్రశ్నలోని 25 గ్రాములు దాదాపు ఆ శిఖరం మీదే ఉన్నాయి. రెండు వస్తువులు కలిపే లెక్కలన్నిటికీ దారి ఇదే. తక్కువగా ఉన్న రెండు ఆమ్లాలని ఎంచుకో, ఒకటి ఎక్కుతూ ఇంకోటి దిగుతూ ఎక్కడ సమానమవుతాయో చూడు, మూడోది ఏదైనా అంతకన్నా కింద ఉందేమో ఒకసారి సరిచూసుకో.

ఇది ఈ ప్యాటర్న్‌కీ ఈ అంకెలకీ వచ్చిన శిఖరం మాత్రమే. ఇందాక చెప్పిన 2013 ప్యాటర్న్ పెడితే ట్రిప్టోఫాన్ అడ్డు రాదు. లైసిన్ 57 చేరేదాకా, అంటే పప్పు 44 గ్రాముల దాకా స్కోరు పెరుగుతూనే ఉంటుంది.

నాగలక్ష్మి (డైటీషియన్)

సుభద్ర గారి లెక్కకి ఒక్క మాట చేర్చాలి. లేకపోతే చదివేవాళ్లు పప్పు తగ్గించడం మంచిదనుకుంటారు. స్కోరు అన్నది గ్రాము ప్రొటీన్‌కి నాణ్యత. తిన్నవాళ్లకి అందేది నాణ్యత, పరిమాణం రెండిటి గుణకారం. 25 గ్రాముల పప్పుతో 11.5 × 0.75 = 8.6 గ్రాములు. 50 గ్రాములతో 17 × 0.70 = 11.9 గ్రాములు. స్కోరు పడినా అందింది ఎక్కువే. ఆస్పత్రి డైట్ షీట్‌లో నేను రెండో అంకెనే చూస్తాను. పరీక్షలో ఏది అడిగారో చదువుకుని రాయండి.

కార్తీక్_ఫిట్

అంటే 0.75 అంటే తిన్న ప్రొటీన్‌లో 25 శాతం యూరిన్‌లో వేస్ట్‌గా పోతుందన్నమాట. నేను రోజూ అన్నం పప్పే తింటాను, 70 కిలోలు. అందుకే వే ప్రొటీన్ తీసుకుంటే నూటికి నూరు శాతం ఒంటికి పడుతుందంటారు, దాని స్కోరు 1 కదా?

నాగలక్ష్మి (డైటీషియన్)

కార్తీక్ గారూ, ఆ 0.75లో రెండు వేరు సంగతులు ఉన్నాయి. 0.83 అన్నది డైజెస్టిబిలిటీ. పేగులో అరిగి లోపలికి చేరని 17 శాతం మలంలో పోతుంది, మూత్రంలో కాదు. 0.90 అన్నది లైసిన్ సరిపోలిక. అది రిఫరెన్స్‌తో పోలిస్తే ఎంత దూరంలో ఉందో చెప్తుంది, అంతే. మీరు అవసరానికి మించి తింటే స్కోరు 1 ఉన్న వే అయినా మిగులు నత్రజని యూరియాగా బయటికి పోతుంది. నిలవ ఉండేదని 1 చెప్పదు. పైగా పీడీసీఏఏఎస్‌లో 1 దాటినదంతా 1కి కోసేస్తారు. కాబట్టి 1 వచ్చిన రెండు ప్రొటీన్లు ఒకటే అని కూడా అనలేం.

ఇక మీ విషయం. మీరు పెద్దవాళ్లు, 2–5 ఏళ్ల పిల్లల ప్యాటర్న్ మీకెందుకు? 2013 నివేదికలో మూడేళ్లు దాటినవాళ్లందరికీ లైసిన్ 48, సల్ఫర్ 23, త్రియోనిన్ 25, ట్రిప్టోఫాన్ 6.6. ఈ మిశ్రమంలో లైసిన్ 52.3 ఉంది కాబట్టి ఏదీ తక్కువ కాదు. స్కోరు 1, మిగిలేది డైజెస్టిబిలిటీ ఒక్కటే. ఐసీఎంఆర్–ఎన్‌ఐఎన్ 2020 ప్రకారం పెద్దవాళ్లకి కిలోకి 0.83 గ్రాములు, అది మంచి నాణ్యత ఉన్న ప్రొటీన్‌కి చెప్పిన అంకె. దాన్ని 0.83తో భాగిస్తే కిలోకి సుమారు 1 గ్రాము. మీకు రోజుకి 70 గ్రాములు. అన్నం ఎక్కువ, పప్పు పలచన అయిన భోజనంలో మాత్రం ఈ పాళ్లు ఉండవు. లైసిన్ మళ్లీ తగ్గుతుంది. పప్పుచారులో పప్పెంత ఉంటుందో మీకు తెలుసు కదా.

స్వాతి

నాకు పరీక్ష లేదు, మా పాపకి ఏడాదిన్నర. బియ్యం, కందిపప్పు కలిపి మెత్తగా వండి పెడుతున్నాను. పాప 75 గ్రాముల బియ్యం తినదు. ఈ స్కోరు చూసి పాలు మానేయొచ్చా, ఇంకా ఏమైనా కలపాలా?

నాగలక్ష్మి (డైటీషియన్)

స్వాతి గారూ, మానకండి. మీ పాప వయసు ప్యాటర్న్‌తో ఈ పాళ్లకి లైసిన్ 0.92, డైజెస్టిబిలిటీ కలిపితే 0.76 వస్తుంది. అంటే పాళ్లు బాగానే ఉన్నాయి, ఇంకా లోటున్నది లైసినే. అది పాలలో ధారాళంగా ఉంటుంది. ఎంత తింటోందన్నది స్కోరు చెప్పదు, పాప బరువు చెప్తుంది. అంగన్‌వాడీలోనో మీ డాక్టర్ దగ్గరో గ్రోత్ చార్ట్ చూపించి మాట్లాడండి. ముద్దలో కొంచెం నెయ్యో నూనో వేయడం కూడా అవసరం. శక్తి చాలకపోతే తిన్న ప్రొటీన్‌ని శరీరం ఇంధనంగా కాల్చేస్తుంది, అప్పుడు ఏ స్కోరూ పనికిరాదు.

లావణ్య

పాలు అన్నారు కాబట్టి అడుగుతున్నాను. మొదటి ప్రశ్నలోనే 'అమైనో ఆమ్ల స్కోరు 1 కావాలంటే ఎన్ని పాలు కలపాలి' అని అడిగితే ఎలా చేయాలి?

సుభద్ర

లోటు, మిగులు పద్ధతిలో చేస్తే తేలిక. 11.5 గ్రాముల ప్రొటీన్‌కి 58 చొప్పున 667 మిల్లీగ్రాముల లైసిన్ కావాలి. ఉన్నది 601, లోటు 66. పాల ప్రొటీన్ గ్రాముకి 78 తెస్తుంది, తన వాటా కింద 58 తీసుకుంటుంది. మిగిలేది 20. 66ని 20తో భాగిస్తే 3.3 గ్రాములు, అంటే ఆవుపాలు సుమారు 100 మిల్లీలీటర్లు. చాలామంది 66ని 78తో భాగించి ఒక గ్రాము లోపే సరిపోతుందని రాస్తారు. పాల ప్రొటీన్ కూడా మొత్తంలో చేరి తనకూ లైసిన్ అడుగుతుందన్నది మరిచిపోవడం వల్ల వచ్చే తప్పది.

తర్వాత ట్రిప్టోఫాన్ చూడు. పాలలో గ్రాముకి 14. మొత్తం 162 ÷ 14.8 = 10.96, ఇంకా 11కి వెంట్రుకవాసి తక్కువ. ఇప్పుడు లిమిటింగ్ అదే. దానికి లోటు 10.5, మిగులు గ్రాముకి 3, కాబట్టి 3.5 గ్రాములు కావాలి. రెండిట్లో పెద్దదే జవాబు. దాదాపు 110 మిల్లీలీటర్లు. పాలకైనా పెరుగుకైనా లెక్క ఇదే. భోజనం చివర పెరుగన్నం కలిపితే ఈ లోటు అక్కడే పూడుతుంది. ఐసీఎంఆర్–ఎన్‌ఐఎన్ ధాన్యం, పప్పు, పాలు 3:1:2.5 పాళ్లలో చెప్పింది కూడా ఈ నాణ్యత కోసమే.

వెంకట్ (ఐసీడీఎస్ పరీక్షకి)

పాలు లేకపోతే వేరుశనగ కలపొచ్చు కదా మేడమ్? అదీ లెగ్యూమే. అన్నం, వేరుశనగ అని ఒక ఆప్షన్ చూశాను.

ఫణి (అనాలిసిస్ ల్యాబ్)

కుటుంబం ఒకటే కానీ లైసిన్ విషయంలో వేరుశనగ పప్పుల పక్షం కాదు. గ్రాము ప్రొటీన్‌కి సుమారు 35 మిల్లీగ్రాములే, బియ్యంతో సమానం. పులిహోరలో వేరుశనగలు ఎన్ని వేసినా ప్రొటీన్ పరిమాణం పెరుగుతుంది కానీ లైసిన్ నిష్పత్తి కదలదు. నువ్వులు కూడా లైసిన్‌లో బీదవే, కాకపోతే మెథియోనిన్ బాగా ఉంటుంది. అందుకని నువ్వులకి సరైన జత పప్పు, బియ్యం కాదు. జత కలపమన్న ప్రశ్నలో మొక్క జాతి చూడకండి, ఎవరికి ఏది లోటో ఎవరి దగ్గర అది మిగులో చూడండి.

శ్రీకాంత్

ఒకే పూట తినాలా, పొద్దున అన్నం సాయంత్రం పప్పు తిన్నా సరిపోతుందా? మా పాత నోట్సులో ఒకే భోజనంలో అని ఖచ్చితంగా ఉంది.

నాగలక్ష్మి (డైటీషియన్)

పెద్దవాళ్లకి రోజు మొత్తంలో కలిస్తే చాలన్నదే ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే మాట. కండరాల్లోనూ ఇతర కణజాలాల్లోనూ విడి లైసిన్ నిల్వ కొంత ఉంటుంది, అది కొన్ని గంటల తేడాని సర్దుతుంది. పిల్లలకి దగ్గర దగ్గరగా పెట్టడమే నేను ఇష్టపడతాను. పాత కీలు మాత్రం 'ఒకే భోజనం' అనే అంటాయి. ఆప్షన్లలో రెండూ ఉంటే సిలబస్ పుస్తకం ఏ ఏడాదిదో చూసుకోవాల్సిందే.

ఫణి (అనాలిసిస్ ల్యాబ్)

సుభద్ర గారూ, మొదటి లెక్కలో నాకొక అభ్యంతరం ఉంది. మీరు లైసిన్‌ని మొత్తం ప్రొటీన్‌తో కలిపి, డైజెస్టిబిలిటీని చివర్లో ఒకేసారి గుణించారు. కానీ ఈ మిశ్రమంలో లైసిన్ ఎక్కువ భాగం తక్కువ అరిగే పప్పు నుంచే వస్తోంది. ఏ ఆహారం లైసిన్‌కి ఆ ఆహారం డైజెస్టిబిలిటీ ముందే వేయాలి.

```
216×0.88 + 385×0.78 = 490
490 ÷ 11.5 = 42.6 ;  ÷ 58 = 0.735
```

0.75 కాదు, 0.74కి దగ్గర. శరీరంలో జరిగేదానికి ఇదే దగ్గరి లెక్క. డీఐఏఏఎస్ కూడా ఇటువైపే వెళ్లింది. అది ఒక్కో అమైనో ఆమ్లానికి చిన్నపేగు చివరిదాకా ఎంత అరిగిందో విడిగా తీసుకుంటుంది.

సుభద్ర

ఫణి గారూ, శాస్త్రంగా మీ మాటే బలమైనది. కానీ పీడీసీఏఏఎస్ అని పేరు పెట్టి, ఒక్కో ఆహారానికి ఒక్క డైజెస్టిబిలిటీ ఇచ్చి అడిగినప్పుడు నేను మిశ్రమం స్కోరు, మిశ్రమం డైజెస్టిబిలిటీ విడిగా కట్టి గుణించే వరసనే నేర్పుతాను. ఈ ప్రశ్నలో రెండు దారులూ సి దగ్గరికే చేరతాయి. రెండు ఆహారాల డైజెస్టిబిలిటీ మధ్య తేడా పెరిగితే ఈ దారులు ఇంకా విడిపోతాయి. అప్పుడు ఏది పెట్టాలన్నది నిజంగానే చిక్కు.

ఫణి (అనాలిసిస్ ల్యాబ్)

నేను మాత్రం ముందే గుణించమంటాను. ఒక్క వరస ఎక్కువ రాయాలి, అంతే.

వెంకట్ (ఐసీడీఎస్ పరీక్షకి)

మా పాత పేపర్లలో పీడీసీఏఏఎస్ కాకుండా 'కెమికల్ స్కోర్' అని వస్తోంది. రెండూ ఒకటేనా?

సుభద్ర

కాదు. కెమికల్ స్కోర్‌లో గుడ్డు ప్రొటీన్‌ని రిఫరెన్స్‌గా పెడతారు, డైజెస్టిబిలిటీ ఉండదు, జవాబు నూటికి ఇస్తారు. గుడ్డు లైసిన్ 70 అని ఇస్తే ఈ బియ్యానికి 36 ÷ 70, అంటే 51. అదే బియ్యానికి 1991 ప్యాటర్న్‌తో 62, పెద్దవాళ్ల 2013 ప్యాటర్న్‌తో 75. గుడ్డులో మనిషి అవసరానికి మించి ఉంటాయి కాబట్టి గుడ్డుతో పోలిస్తే అంకెలు ఎప్పుడూ తక్కువగానే వస్తాయి.

ఇంకోటి, ఈ స్కోర్లన్నీ లోటుని మాత్రమే చూస్తాయి, ఎక్కువైనదాన్ని పట్టించుకోవు. జొన్నకి లైసిన్ లోటుతో పాటు ల్యూసిన్ మరీ ఎక్కువ. హైదరాబాద్‌లో గోపాలన్, శ్రీకాంతియా 1960లో జొన్న తినేవాళ్లలో కనిపించే పెల్లాగ్రాని ఆ ల్యూసిన్‌తో ముడిపెట్టారు. జొన్న స్కోరు ఎంత జాగ్రత్తగా కట్టినా ఆ సంగతి అందులో కనిపించదు. ఈ రెండూ కలిపి స్టేట్‌మెంట్ ప్రశ్నగా అడిగితే తడబడకండి.

లావణ్య

ఆప్షన్లలో 0.74, 0.75 రెండూ పెట్టి అడిగితే మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు మేడమ్. ఫణి గారి దారిలో పోతే ఒకటి, మీ దారిలో పోతే ఇంకోటి.

సుభద్ర

అప్పుడు ప్రశ్నలో డైజెస్టిబిలిటీ ఏ రూపంలో ఇచ్చారో చూడు. చివర్లో 'మిశ్రమం డైజెస్టిబిలిటీ' అని ఒక్క అంకె ఇస్తే దాన్నే గుణించు. ఒక్కో ఆమ్లానికి విడిగా ఇస్తే ఫణి గారి దారి. ఆహారానికి ఒకటి చొప్పున ఇచ్చి, ఆప్షన్లలో రెండూ ఉంచితే ఆ ప్రశ్నే సరిగా లేదు. ప్రాథమిక కీ మీద అభ్యంతరాలకి గడువు ఇస్తారు కదా, రెండు లెక్కలూ వరసగా రాసి పెట్టు.